ఇంటర్వ్యూలో నెట్ తెగిపోతే తర్వాత ఏం రాయాలి?

నిన్న వీడియో ఇంటర్వ్యూలో మూడుసార్లు కనెక్షన్ పోయింది. ఇంకో పది నిమిషాలు మాట్లాడదామని నేనే అడగొచ్చా?

అడగొచ్చు. కాకపోతే ఈరోజే అడగండి, వాళ్లు అభ్యర్థుల మీద అభిప్రాయాలు రాసేసుకున్నాక అడిగితే లాభం తక్కువ. ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన హెచ్‌ఆర్‌కే, అదే మెయిల్ థ్రెడ్‌లో రాయండి.

చాలామంది క్షమాపణతోనే మెయిల్ నింపేస్తారు. దానికి ఒక్క వాక్యం చాలు. అసలు పని, ఏ జవాబు తెగిందో పేరు పెట్టి చెప్పి, దాన్ని అక్కడే పూర్తి చేయడం. ఉదాహరణకు:

"డేటాబేస్ మార్పు గురించి చెబుతుండగా నా లైన్ తెగింది, క్షమించండి. మిగిలింది ఇదీ: టేబుళ్లను విడతలుగా మార్చాం, ప్రతి విడత తర్వాత పాత, కొత్త రికార్డుల లెక్క సరిచూశాం. ఇంకేమైనా అడగాలనుకుంటే రేపు పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలను. అవసరం లేకపోయినా ఫర్వాలేదు."

ఫోన్ అన్నది కావాలనే. మళ్లీ వీడియో అంటే మళ్లీ అదే భయం. ఆ చివరి వాక్యం కూడా తీసేయకండి, కాదనడానికి వాళ్లకు దారి ఉండాలి. తెగింది వాళ్ల వైపే అయినా ఆ మాట ఎత్తొద్దు. బాగా చెప్పలేకపోయిన జవాబును మాత్రం నెట్ మీదకు నెట్టకండి, విన్నవాళ్లకు తెలిసిపోతుంది.