దారి ఇచ్చాడా, వదిలాడా, హక్కు రాశాడా?

సందేహం: మా నాన్నగారి 4 ఎకరాలు తమ్ముడూ నేనూ పంచుకుంటున్నాం. పొలం వెడల్పు 330 అడుగులు, డొంక నుంచి లోపలికి పొడవు 528 అడుగులు. డొంక వైపు సగం వాడికి, వెనక సగం నాకు. బావి వాడి వైపు పడింది. దస్తావేజు లేఖరి ముసాయిదాలో ‘యథాప్రకారము నడుచుకొనుటకు దారియు, ఉమ్మడి బావిలో నీరు వాడుకొను సదుపాయమును కలదు’ అని రాశారు. ‘దారి ఇస్తానన్నాను కదా, ఇంకేం కావాలి’ అంటాడు తమ్ముడు. ఈ మాటలు సరిపోతాయా? ఈజుమెంటు అనేదానికి తెలుగు మాట ఏది? ‘సుఖానుభవ హక్కు’ అని రాయమని ఒకరు సలహా ఇచ్చారు.

సమాధానం: ముందు మీ తమ్ముడి మాట చూద్దాం. మనం దారిని మూడు క్రియలతో కలిపి మాట్లాడతాం. దారి ఇచ్చాడు, దారి వదిలాడు, దారి హక్కు ఉంది. రచ్చబండ మీద మూడూ ఒకటే, కోర్టులో మూడూ వేరు.

‘ఇచ్చాడు’ అన్నచోట ఇచ్చినవాడి మంచితనమే కనబడుతుంది. కంకులు మోసుకుపోయే రోజుల్లో పొరుగు రైతు తన చేలోంచి బండి పోనిస్తాడే, అదీ దారి ఇవ్వడమే. చట్టం దీన్ని అనుమతి అంటుంది. మామూలుగా అది ఇచ్చినవాడు వెనక్కి తీసుకోగలిగినది. మీరు పొలం అమ్మితే కొన్నవాడికి దానంతటదే దక్కదు. తమ్ముడు తన సగం అమ్ముకుంటే, కొన్నవాడు ‘నేనెప్పుడిచ్చాను?’ అని అడగగలడు.

‘వదిలాడు’ అంటే మరొకటి. పంపకంలో దారికని వదిలిన జాగా ఎవరి వాటాలోనూ కలపకుండా ఇద్దరికీ ఉమ్మడిగా ఉంచారని అర్థం వస్తుంది. మీ పొలంలో 12 అడుగుల వెడల్పు దారి డొంక నుంచి మీ సగం దాకా 264 అడుగులు పోవాలి. అంటే 3,168 చదరపు అడుగులు, సెంటుకు 435.6 చొప్పున ఏడు సెంట్లకు పైచిలుకు. దాన్ని ఉమ్మడిగా వదిలితే ఒక్కొక్కరికి రెండు ఎకరాలు రావు, ఎకరం 96 సెంట్ల చిల్లర వస్తుంది, మధ్య గట్టు కూడా కాస్త జరపాలి. ముసాయిదాలో ఇద్దరికీ చెరి రెండు ఎకరాలని రాసి, పైన ‘ఉమ్మడి దారి వదిలినాము’ అని కూడా రాస్తే లెక్క ఎక్కడో తప్పినట్టే. ఏడు సెంట్లు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి. ఇలాంటి దస్తావేజులు నేను చాలా చూశాను. రాసేటప్పుడు ఎవరికీ పట్టదు, మూడో మనిషి కొనడానికి వచ్చి టేపు పట్టినప్పుడే బయటపడుతుంది.

మూడోది ‘దారి హక్కు’. నేల తమ్ముడిదే, రెండు ఎకరాలూ వాడి లెక్కలోనే ఉంటాయి. ఆ నేల మీదుగా పోయే హక్కు మాత్రం మీది. ఈజుమెంటు అంటే ఇదే. ఇక్కడ ఒక విభక్తి ముఖ్యం. ‘పెద్దవాడైన నాకు దారి’ అని రాస్తే దారి మనిషికి దక్కినట్టు. ‘వెనక పొలానికి దారి’ అంటే పొలానికి దక్కినట్టు. 1882 నాటి ఈజుమెంట్ల చట్టం ఈ హక్కును నిర్వచించినప్పుడు దాన్ని ఒక భూమి యజమానికి ఆ భూమి యజమానిగా, ఆ భూమిని అనుభవించడం కోసం ఇచ్చింది. అందుకే పొలం అమ్మితే హక్కు పొలంతో పోతుంది, పొలం నుంచి విడదీసి హక్కునొక్కదాన్నే అమ్మడం కుదరదు. కాబట్టి మీ దస్తావేజులో ‘కు’ అనే ప్రత్యయం మీ పేరుకు కాదు, మీ షెడ్యూలు భూమికి తగలాలి.

ఇక లేఖరి వాక్యం. ‘కలదు’ అనే క్రియ ఉన్నదాన్ని చెబుతుంది, లేనిదాన్ని పుట్టించదు. మీకు ఇంతవరకు దారి హక్కు లేదు, ఉండే అవకాశమూ లేదు. ఎందుకంటే ఇన్నాళ్లూ మీరు నడిచింది సొంత ఉమ్మడి పొలంలోనే. ఎవరి నేల మీద వాళ్లకు ఈజుమెంటు ఉండదు. పంపకం రోజున పుట్టాల్సిన హక్కును ‘కలదు’ అంటే ‘ఎక్కడ కలదు?’ అనే ప్రశ్న వస్తుంది. ‘యథాప్రకారము’ అన్నా ఇదే చిక్కు. పాత పద్ధతి చూపించి హక్కు అడగాలంటే చట్టం రెండు గుణాలు చూస్తుంది. ఆ వాడుక కంటికి కనబడాలి, మనిషి పని లేకుండా దానంతటది నిరంతరం సాగాలి. కిటికీకి వచ్చే వెలుతురు అలా సాగుతుంది. దారి అలా కాదు, ఎవరో నడిస్తేనే అది దారి. మోటారు వేస్తేనే బావి నీళ్లు వస్తాయి. కాబట్టి ‘ఇదివరకు నడిచాం గనక ఇకముందూ నడుస్తాం’ అనే వాదన మీకు అంత తేలిగ్గా నిలవదు.

అలాగని రాతలో దారి మాటే లేకపోతే మీరు చిక్కుపడిపోరు. వెనక పొలానికి వేరే మార్గం లేకుండా పంచుకుంటే, అవసరం కొద్దీ దారి ఇవ్వాలని ఆ చట్టమే 13వ సెక్షనులో చెబుతుంది. కానీ అది ఎంత అవసరమో అంతే, ఆ అవసరం ఉన్నన్నాళ్లే. రేపు మీ పొలం వెనక నుంచి పంచాయతీ రోడ్డు పడితే అవసరం తీరిందని 41వ సెక్షను ఆ దారిని ముగిస్తుంది. దస్తావేజులో ఒప్పుకుని రాసుకున్న దారి మాత్రం అలా పోదు. అవసరం తీరినా ఒప్పందం వల్ల వచ్చిన హక్కు నిలుస్తుందని 2006లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీరు రాత కోసం పట్టుబట్టడానికి ఇదే అసలు కారణమని తమ్ముడికి నెమ్మదిగా చెప్పండి. నమ్మకం లేక అడుగుతున్నాడని వాడు అనుకోకూడదు.

‘నడుచుకొనుటకు’ కూడా మార్చండి. తెలుగులో బండి నడుస్తుంది, బడి నడుస్తుంది, కాపురం కూడా నడుస్తుంది. అయినా ‘నడుచుకొనుట’ అని దస్తావేజులో ఉంటే అవతలి వకీలు కాళ్లనే చూపిస్తాడు. ‘రాకపోకలు’ మంచి మాట. ఎవరి రాకపోకలో కూడా చెప్పండి: మనుషులు, పశువులు, బండ్లు, ట్రాక్టరు, వరికోత యంత్రం. కోత యంత్రం ముందు భాగం చాలా వెడల్పు. మీ ఊళ్లోకి వచ్చేదాన్ని కొలిచాక 12 అడుగులా, ఇంకా ఎక్కువా తేల్చుకోండి. ‘తూర్పు వైపున’ అని వదిలేసినా గొడవే, అది గట్టుకు లోపలో బయటో తెలియదు. ‘తూర్పు గట్టును ఆనుకుని, లోపలి వైపున’ అంటే తెలుస్తుంది. హద్దుల దగ్గర మాత్రం ‘తూర్పు: దారి’ అని పెట్టి ఊరుకుంటే తగాదాలో సాక్ష్యంగా అక్కరకు వస్తుందేమో గానీ, హక్కు ఇచ్చిన వాక్యం మరొకటి ఉండితీరాలి.

బావి దగ్గర మళ్లీ విభక్తే తేలుస్తుంది. ‘బావిలో సగం’ అంటే బావి ఇద్దరిదీ. దాని కింద నేల, ఒడ్డు, మోటారు కొట్టు ఉన్న జాగా ఎంతవరకు ఉమ్మడో కొలతలతో చెప్పాలి, పూడిక తీసే ఖర్చూ చెరి సగం. ‘బావి నుంచి నీళ్లు’ అంటే బావి తమ్ముడిది, తోడుకునే హక్కు మీది. అప్పుడు ఆ హక్కు వాడుకోవడానికి కావలసిన మరమ్మతుల ఖర్చు, వేరే ఒప్పందం లేకపోతే, చట్టం ప్రకారం మీ మీదే పడుతుంది. మీ ముసాయిదాలో ‘ఉమ్మడి బావి’, ‘వాడుకొను సదుపాయము’ పక్కపక్కనే ఉన్నాయి. మొదటి మాట మిమ్మల్ని యజమానిని చేస్తుంది, రెండోది మిమ్మల్ని చుట్టంగా చూస్తుంది. నాన్నగారు తవ్వించిన బావి గనక మొదటిదే రాసుకోండి. అయితే బావిలో సగం ఉన్నంత మాత్రాన నీళ్లు మీ చేలోకి రావు. బావి దగ్గరికి వెళ్లే దారి, అక్కడి నుంచి తమ్ముడి చేను కింద పైపు వేసి, పగిలితే తవ్వి బాగుచేసుకునే హక్కు విడిగా రాయాలి. వంతు కూడా చెప్పాలి. రోజు విడిచి రోజా, కరెంటు ఇచ్చే గంటల్లో సగమా, సర్వీసు ఎవరి పేరున ఉంది, బిల్లు ఎవరిది అన్నవి తెలుగులో మామూలు మాటలే, వాటికి పాత దస్తావేజు భాష అక్కర్లేదు.

దారి వాక్యం ఇలా ఉండొచ్చు. వెనక సగాన్ని ‘ఏ’ అనీ ముందు సగాన్ని ‘బి’ అనీ అనుకుందాం:

“డొంక నుంచి ‘ఏ’ షెడ్యూలు భూమికి, ‘బి’ షెడ్యూలు భూమిలో తూర్పు గట్టును ఆనుకుని లోపలి వైపున, 12 అడుగుల వెడల్పున, 264 అడుగుల పొడవున, జతపరచిన ప్లానులో ఎర్ర రంగుతో చూపిన దారి మీదుగా మనుషులు, పశువులు, బండ్లు, ట్రాక్టర్లు, కోత యంత్రాలు అన్ని కాలాల్లో రాకపోకలు సాగించే శాశ్వత హక్కును ఇందుమూలముగా ఏర్పరచుకున్నాము. ఈ హక్కు ‘ఏ’ షెడ్యూలు భూమితో పాటు దాని తరువాతి హక్కుదారులకు సంక్రమిస్తుంది. ‘బి’ షెడ్యూలు భూమి ఎవరి చేతికి వెళ్లినా వారు దీనికి కట్టుబడి ఉండాలి. దారి నేల మాత్రం ‘బి’ షెడ్యూలుదారునిదే.”

చివరి వాక్యం తమ్ముడి కోసం. అది చూస్తే వాడి ఏడు సెంట్లు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. ప్లాను తప్పక జతపరచండి. రిజిస్ట్రేషన్ చట్టం దారుల హక్కును కూడా స్థిరాస్తి కిందే లెక్కిస్తుంది గనక దీన్ని తెల్లకాగితం మీద రాసుకుని పెట్టెలో దాచుకోవడం పనికిరాదు, పంపకంతో పాటే రిజిస్టరు కావాలి.

సుఖానుభవ హక్కు సంగతి. ఇంగ్లీషు మాట పాత ఫ్రెంచిలో తేలిక, సౌఖ్యం అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. హిందీవాళ్లు దాన్ని పట్టుకుని ‘సుఖాచార్’ చేశారు. తెలుగులో సుఖానుభవం అంటే రైతుకు స్ఫురించేది దారీ కాదు, బావీ కాదు. కొత్త సమాసం పెడితే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దానికి వ్యాఖ్యానం చెప్పుకోవాల్సి వస్తుంది. ‘దారి హక్కు’, ‘నీటి హక్కు’, ‘పైపు హక్కు’ అని పేరుపేరునా రాయండి. అన్నిటికీ కలిపి ఒక మాట కావాలంటే దస్తావేజుల్లో ఎప్పటినుంచో ఉన్న ‘ఈజుమెంటు హక్కు’ చాలు. రాస్తా, దస్తావేజు, పారీఖత్తు మాత్రం మన నేలలో మొలిచినవా? ఫారసీ దారినే వచ్చాయి. దీన్నీ రానిద్దాం.

ఒక్కటి మరిచిపోతున్నాను. మీరు రాస్తున్నది ‘బావి’. అది ఎండిపోయి తమ్ముడు పక్కన బోరు వేస్తే అందులో మీకు సగం ఉందా? బావి అన్న మాటలో బోరు ఇమడదు. వాడి మనసులో ఏముందో సంతకాలకు ముందే అడిగి, ఉందంటే ఉందని, లేదంటే లేదని ఒక వాక్యం చేర్చండి.