ఇరుక్కుపోవడం వేరు, జుగ్‌జ్వాంగ్ వేరు

ప్రశ్న: చెస్‌లో జుగ్‌జ్వాంగ్, ఆన్ పాసాన్ లాంటి మాటలు వింటుంటాం కదా, అవి ఏ భాషవి, వాటికి అసలు అర్థం ఏంటి? అర్థం తెలిస్తే ఆటలో ఏమైనా ఉపయోగం ఉందా?

ఉంది. చాలా ఉంది. ముఖ్యంగా జుగ్‌జ్వాంగ్ విషయంలో.

అది జర్మన్ మాట. జుగ్ అంటే ఎత్తు, జ్వాంగ్ అంటే బలవంతం. రెండూ కలిపితే "ఎత్తు వేయక తప్పని బలవంతం". ఈ అర్థం తెలియక కామెంటరీ చెప్పేవాళ్లు దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడేస్తున్నారు. రాజు మూలకి ఇరుక్కుంటే జుగ్‌జ్వాంగ్, రెండు పావులు ఒకేసారి దాడిలో ఉంటే జుగ్‌జ్వాంగ్, మంచి ఎత్తు దొరక్కపోతే జుగ్‌జ్వాంగ్. ఇవేవీ కావు. పరీక్ష ఒక్కటే: "ఈ ఒక్కసారికి నేను ఆడను, నువ్వే ఆడు" అని వదిలేసే వీలుంటే నీ ఆట నిలబడుతుందా? నిలబడితే అది జుగ్‌జ్వాంగ్. వదిలేసినా ఓడిపోతావంటే అది మామూలుగా ఓడిపోయే ఆట, అంతే.

నాకు ఈ తేడా పుస్తకంలో కాదు, బోర్డు మీద తెలిసింది. ఒక క్లబ్ టోర్నమెంట్‌లో చివరి రౌండ్. పావులన్నీ తెగిపోయి చెరో రాజు, చెరో బంటు మిగిలాం. నేను తెల్లపావులు. నా బంటు e4 మీద, అతని బంటు e5 మీద, ఒకదానికొకటి అడ్డంగా నిలబడి ఏదీ కదల్లేదు. నా రాజు g5 లో, అతని రాజు c4 లో. ఎత్తు అతనిది. గడియారంలో ఇద్దరికీ టైమ్ తక్కువే.

చూడ్డానికి అతను చేయాల్సింది తేలికే అనిపిస్తుంది: రాజుని d4 కి తెచ్చి నా బంటు మీద పడాలి, పైగా అక్కణ్నుంచి తన బంటుకి కాపలా కూడా. అతను అదే వేశాడు, గబుక్కున. నేను వెంటనే రాజుని f5 కి జరిపి గడియారం నొక్కాను. అంతే, ఆట అయిపోయింది.

ఎందుకో ఒకసారి బోర్డు పెట్టుకుని చూడండి. ఇప్పుడు ఎత్తు నల్లవాళ్లది. వాళ్ల రాజు d4 లో ఉన్నంతసేపు e5 బంటుని నేను తినలేను. కానీ అక్కడే ఉండే వీల్లేదు, కదలాలి. బంటు ఎలాగూ కదలదు. d5 కి వెళ్దామంటే నా బంటు దాడిలో ఉన్న గడి. నా బంటుని తిందామంటే దాని పక్కనే నా రాజు కాపలా. మిగిలినవి c3, c4, c5, d3, e3. అయిదు గడులున్నాయి, అయిదింట్లో ఎక్కడికెళ్లినా e5 బంటు అనాథ అయిపోతుంది. నేను దాన్ని తింటాను, నా రాజు నా బంటుకి ముందు నిలబడి దాన్ని చివరిదాకా నడిపిస్తుంది.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. సరిగ్గా ఇదే బోర్డు మీద ఎత్తు నాది అయి ఉంటే ఓడేది నేను. నా రాజు f5 వదిలి ఎక్కడికెళ్లినా అతను e4 బంటుని తింటాడు. అంటే పావులు ఎక్కడున్నాయన్నది కాదు, ఎత్తు ఎవరిదన్నదే గెలుపోటములు తేల్చింది. దీన్ని ఇద్దరికీ వర్తించే జుగ్‌జ్వాంగ్ అంటారు. ఈ అమరికకి ఫ్రెంచ్‌లో ట్రెబుషె అని పేరు. కోటల మీదకి రాళ్లు విసిరే పాతకాలపు యంత్రాన్ని అలా అనేవారు, పిట్టల్ని పట్టే బోనుకి కూడా అదే మాట. ఈ ఆట తర్వాత నాకు బోను అర్థమే నచ్చింది.

మరి అతను ఏం వేసి ఉండాల్సింది? d4 కి నేరుగా రాకుండా d3 కి వెళ్లాలి. అక్కణ్నుంచి కూడా e4 బంటు మీద దాడే. దాన్ని కాపాడుకోవాలంటే నేను f5 కి రాక తప్పదు. అప్పుడు అతను తీరిగ్గా d4 కి వస్తాడు. అదే బోను, కానీ లోపల నేను. ఒక్క గడి చుట్టు తిరిగి వస్తే ఎత్తు వంతు మారిపోతుంది. "ఎవరు ఆడక తప్పదు?" అని తనని తాను అడిగేవాడికి ఈ d3 కనిపిస్తుంది. "దాడి ఎలా చేయాలి?" అని మాత్రమే అడిగేవాడు d4 వేస్తాడు.

ఇప్పుడు పెద్దవాళ్ల ఆట ఒకటి. 1923లో కోపెన్‌హేగన్‌లో జేమిష్ తెల్లపావులతో, నిమ్జోవిచ్ నల్లపావులతో ఆడిన ఆటని "అమర జుగ్‌జ్వాంగ్" అంటారు. 25వ ఎత్తుగా నిమ్జోవిచ్ తన h బంటుని ఒక్క గడి ముందుకు జరిపాడు, జేమిష్ ఓటమి ఒప్పుకున్నాడు. బోర్డు నిండా పావులుండగా అలా జరగడం నిజంగా అద్భుతమే. కానీ పై పరీక్ష పెట్టి చూడండి. తెల్లవాళ్లకి ఎత్తు వదిలేసే వీలున్నా, నిమ్జోవిచ్ ఏనుగుని f5 నుంచి f3 కి దించి తెల్ల మంత్రిని పట్టేసేవాడు. కాస్త ఆలస్యమైనా ఓటమి ఓటమే. అందుకే అది అచ్చమైన జుగ్‌జ్వాంగ్ కాదనే వాళ్లున్నారు, నేనూ ఆ పక్షమే. ఆట గొప్పతనం దీనివల్ల ఏమీ తగ్గదు. కానీ పిల్లలకి జుగ్‌జ్వాంగ్ నేర్పేటప్పుడు మొదట దీన్ని చూపించడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. నాలుగు పావులున్న ట్రెబుషె చూపిస్తే అయిదు నిమిషాల్లో అర్థమయ్యేదాన్ని, బోర్డు నిండా చిక్కుముళ్లున్న ఆటతో మొదలుపెట్టి జీవితాంతం అర్థం కాకుండా చేస్తున్నారు.

ఆన్ పాసాన్ ఫ్రెంచ్. "దాటిపోతూ ఉండగా" అని. ఆ మాటలోనే నియమమంతా ఉంది. నా తెల్లబంటు e5 మీద ఉంది. అవతలివాడు d7 బంటుని రెండు గడులు దూకించి d5 లో పెట్టాడు. మధ్యలో d6 ని దాటాడు, అది నా బంటు దాడిలో ఉన్న గడి. కాబట్టి వాడు d6 లోనే ఆగినట్టు లెక్కగట్టి, నా బంటు d6 కి వెళ్లి వాడిని తింటుంది. బంట్లకి మొదటి ఎత్తులో రెండు గడుల దూకుడు తర్వాతి కాలంలో వచ్చిన సౌకర్యం, ఆట తొందరగా సాగడానికి. ఆ సౌకర్యాన్ని వాడుకుని కాపలాగా ఉన్న బంటుని తప్పించుకుపోకూడదనే ఈ నియమం. వెంటనే వచ్చే ఎత్తులోనే తినాలి, ఒక ఎత్తు ఆగితే హక్కు పోతుందని పిల్లలు బట్టీ పడుతుంటారు. బట్టీ అక్కర్లేదు. దాటుతున్నప్పుడే పట్టుకోవాలి, దాటి వెళ్లిపోయాక ఇంకేం పట్టుకుంటాం?

అడక్కపోయినా ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ప్రతి టోర్నమెంట్‌లో దీనితో నాకు ఒళ్లు మండుతుంది. జాదూబ్. ఇదీ ఫ్రెంచే, "నేను సర్దుతున్నాను" అని. గడిలో వంకరగా ఉన్న పావుని సరిచేసే ముందు అనాల్సిన మాట. అలా అనకుండా, ఆడే ఉద్దేశంతో పావుని ముట్టుకుంటే దాన్నే ఆడాలి. చాలామంది గుర్రాన్ని పట్టుకుని, పైకెత్తి, అది పోతుందని కనిపించాక కింద పెట్టేసి "జాదూబ్" అంటారు. నియమం స్పష్టంగానే ఉంది: ముందు చెప్పాలి, తర్వాతే ముట్టుకోవాలి, అదీ మన ఎత్తు వచ్చినప్పుడే. అవతలివాడు ఆలోచిస్తుంటే వాడి ముందు చేతులు పెట్టి పావులు సర్దడం కూడా తప్పే. మీకు ఎవరైనా ఇలా చేస్తే వాదించకండి, గడియారం ఆపి ఆర్బిటర్‌ని పిలవండి. ఆడే ఉద్దేశంతో మీరు ఏదైనా పావుని ముట్టుకున్నారంటే చాలు, వాడు ముట్టుకున్న సంగతి లేవనెత్తే హక్కు మీకు పోతుంది.