గ్రూప్స్ చదివిన ఏళ్లను రెజ్యూమేలో ఎక్కడ పెట్టాలి?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మిర్యాలగూడ రైస్ మిల్లులో మూడేళ్లు లెక్కలు రాశావు. తర్వాత హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ దగ్గర ఎనిమిది నెలలు. ఆపైన అశోక్‌నగర్‌లో రూము తీసుకుని రెండున్నరేళ్లు గ్రూప్స్‌కు చదివావు. అది రాలేదు. మళ్లీ ఒక మందుల కంపెనీ అకౌంట్స్‌లో రెండేళ్లు. ఇప్పుడు కెనడాలో బ్రాంప్టన్ వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు. 'అన్నా, తేదీలు కనపడకుండా రెజ్యూమేను ఫంక్షనల్ ఫార్మాట్‌లో రాసెయ్యమని రూమ్మేట్ అంటున్నాడు, రాసెయ్యనా?' అని అడిగావు.

వద్దు. ఎందుకు వద్దో నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను. నీకు ఊరికే చెబుతున్నా, కాస్త ఓపిగ్గా చదువు.

నేను టొరంటోలో దిగింది 2008లో. మా నాన్న దేవరకొండ దగ్గరి బత్తాయి తోట మీద రెండు లక్షలు అప్పు తెచ్చి పంపాడు. అప్పుడు డాలరుకు నలభై రూపాయలు అటూ ఇటూ. బేస్‌మెంట్ గదికి నెలకు 450 డాలర్లు, అంటే పద్దెనిమిది వేలు. నెల మొదటి తారీకు వచ్చిందంటే నాకు కనిపించేది క్యాలెండర్ కాదు, తోటలో ఒక్కో చెట్టు. పైగా ఆ ఏడాది ఇక్కడ మాంద్యం. నా చరిత్ర కూడా నీలాగే అతుకుల బొంత. మేనమామ ఎరువుల దుకాణంలో లెక్కలు, హైదరాబాద్‌లో ఒక ఫైనాన్స్ ఆఫీసు, మధ్యలో నాన్న ఒంట్లో బాగాలేక ఏడాదిన్నర ఇంటి దగ్గరే.

ఆ గ్యాప్ చూసి భయపడి, రెజ్యూమేలు రాసిపెట్టే ఒకాయనకు 250 డాలర్లు ఇచ్చాను. పదివేల రూపాయలు! ఆయన ఫంక్షనల్ పద్ధతిలో రాశాడు. ఉద్యోగాల వరుస తీసేసి, 'పేరోల్', 'పన్నులు', 'కస్టమర్లతో మాట్లాడటం' అని నైపుణ్యాల వారీగా మూడు కుప్పలు పోశాడు. కంపెనీ పేర్లు చివర నాలుగు లైన్లలో, తేదీలు లేకుండా. చూడటానికి అందంగా ఉంది. ఎనభై చోట్లకు పంపితే రెండు పిలుపులు వచ్చాయి.

మొదటి దానిలో ఒక పెద్దావిడ ఆ కాగితం చదివి, వెనక్కి తిప్పి, పెన్నుతో ఒక గీత గీసింది. దాని మీద 2002 నుంచి 2008 వరకు ఏళ్లు రాసి, 'ఈ పేరోల్ పని ఏ సంవత్సరంలో, ఎవరి దగ్గర చేశారో ఇక్కడ పెట్టండి' అంది. నాకు నాలుక పిడచకట్టుకుపోయింది. నేను అబద్ధం రాయలేదు. అయినా ఆ గీత ముందు దొంగలా కూర్చున్నాను. రోజూ రెజ్యూమేలు చూసేవాళ్లకు తేదీల్లేని కాగితం ఒకటే చెబుతుంది, వీడేదో దాస్తున్నాడని. ఆరు నెలల గ్యాప్ ఉంటే మూడేళ్లు ఉందేమో అనుకుంటారు.

మూతి కాల్చుకున్నాక రెండో వైపు పరుగెత్తాను. అన్నీ తేదీలతో, కొత్తది పైన, పాతది కింద. అదే క్రోనలాజికల్. నిజాయితీగానే ఉంది కానీ అప్పటికి నేను చేస్తున్నది ప్యాకింగ్ పని, అదే అందరికంటే పైన కూర్చుంది. పిలుపులు వచ్చాయి, అన్నీ ప్యాకింగ్‌కే! చదివేవాడు పై మూడో వంతు చూసి మనిషిని ఒక గంపలో వేసేస్తాడు. ఒకే లైన్లో మెట్టు మెట్టుగా ఎదిగినవాడికి ఈ ఫార్మాట్‌ను మించింది లేదు. నీకూ నాకూ కాదు.

అప్పుడు పబ్లిక్ లైబ్రరీలో ఉచితంగా సలహా ఇచ్చే ఒకాయన హైబ్రిడ్ చూపించాడు. పైన నైపుణ్యాలు, కింద తేదీలతో పూర్తి వరుస. రెండూ ఉంటే సరిపోదు, పైన రాసిన ప్రతి మాటకూ అది ఎక్కడ చేశావో అదే లైన్లో ఉండాలి. చాలామంది తప్పేది ఇక్కడే. పైన కుప్ప పోసి కింద వరుస అతికిస్తారు, రెండింటికీ పొత్తు ఉండదు. నేను ఈ పద్ధతిలో పంపిన పన్నెండో దానికి అకౌంట్స్ పేయబుల్ క్లర్కు ఉద్యోగం వచ్చింది. అప్పటికి నాన్న ఇచ్చిన దానిలో మిగిలింది 310 డాలర్లు.

ఇక నీ సంగతి. పేరు కింద 'అకౌంట్స్ పేయబుల్' అని నువ్వు కోరే పనే రాయి, 'ఏ పనైనా' అనే వాసన రానివ్వకు. తర్వాత మూడే లైన్లు. మొదటిది: మందుల కంపెనీలో నెలకు 400 ఇన్వాయిస్‌లు కొనుగోలు ఆర్డర్లతో సరిచూశానని. రెండోది: రైస్ మిల్లులో ధాన్యం అమ్మిన రైతులకు, కమీషన్ ఏజెంట్లకు చెల్లింపులు, బ్యాంకు లెక్కలు సరిపోల్చడం. మూడోది: ఆడిటర్ దగ్గర జీఎస్టీ రిటర్నులు. ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అనే మాట ఇక్కడి అమ్మకపు పన్ను హెచ్‌ఎస్‌టీలోనూ ఉంది, దాన్ని అలాగే వాడు, వెంటనే అర్థమవుతుంది. ట్యాలీ అని ఒక్కటే రాస్తే ఇక్కడ చాలామందికి తెలియదు, పక్కన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అని చేర్చు. లక్షలు, కోట్లు వద్దు, మిలియన్లలో రాయి.

కింద వరుసలో ప్రతిదానికీ నెల, సంవత్సరం రెండూ ఉండాలి. ఎనిమిది నెలల ఉద్యోగాన్ని '2017–2018' అని రాస్తే ఏడాది పైన ఉన్నట్టు కనపడుతుందని ఎవరైనా చెబుతారు. కానీ కంపెనీ ఆన్‌లైన్ ఫారంలో నెల కూడా అడిగితే నిజం రాయాల్సిందే. ఆఫర్ వచ్చాక చేసే వెరిఫికేషన్‌లో రెండూ పొసగకపోతే అయిపోయిన పని చెడుతుంది. గ్రూప్స్ ఏళ్లకు కూడా ఆ వరుసలోనే ఒక లైను ఇవ్వు: 'రాష్ట్ర సివిల్ సర్వీసు పోటీ పరీక్షలకు పూర్తికాలం చదువు', తేదీలతో. అంతే, ఫలితం రాయనక్కర్లేదు. గ్రూప్-2 అని రాస్తే ఇక్కడ ఎవరికీ తెలియదు. వేర్‌హౌస్ పని కూడా ఒక్క లైనే. తీసేయకు, తీసేస్తే ఇప్పటి నెలలు ఖాళీ అయిపోతాయి. వరుసలో పైనే ఉంటుంది కానీ దానికంటే ముందే నీ మూడు లైన్లు చదివేసి ఉంటారు.

పంపేముందు ఆ ఫైలు మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యి. తేదీ ఒక చోట, కంపెనీ పేరు ఇంకోచోట పడితే నువ్వు టేబులో టెక్స్ట్ బాక్సో వాడావన్నమాట. కంపెనీల సాఫ్ట్‌వేర్ కూడా అలాగే కలగాపులగంగా చదివే ప్రమాదం ఉంది. తీసేసి మామూలు లైన్లలో కొట్టు. ఫొటో, వయసు, తండ్రి పేరు, పెళ్లి వివరాలు ఇక్కడ పెట్టరు. మిగతా రూల్స్ ప్రభుత్వ సైట్ జాబ్ బ్యాంక్‌లో ఉంటాయి, చూసుకో.

రెజ్యూమే రాసిపెడతామని డబ్బు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకు. హైదరాబాద్ నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ తెప్పించి గ్యాప్ మూసేస్తామన్నవాడి ఫోను ఎత్తనే ఎత్తకు. నైట్ షిఫ్టు కూడా ఇప్పుడే మానకు. మా కాలంలో గది 450, ఇప్పుడు నువ్వు ఎంత కడుతున్నావో నాకు తెలుసు. కొత్త ఉద్యోగంలో మొదటి జీతం సాధారణంగా రెండు వారాలకు గానీ చేతికి రాదు, అంతవరకు వేర్‌హౌస్ చెక్కే నీ అద్దె. శనివారం లోపు ఆ మూడు లైన్లు రాసి నాకు పంపు, దిద్ది పంపిస్తా.