కొటేషన్ పక్కన ‘అని’ ఎక్కడ?

సందేహం: వ్యాసంలో ఇలా రాశాను: గురజాడ “సొంత లాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్” మనల్ని కోరారు. చదివితే అతికినట్టు లేదు. చివరి మాటను ‘తోడుపడాలి’ అని మారిస్తే సరిపోతుందా? ఫుల్‌స్టాప్ కొటేషన్ లోపల పెట్టాలా, బయటా?

సమాధానం: మీ వాక్యంలో లేనిది ‘అని’. ఒకరి మాటను మన వాక్యానికి కలిపే కొక్కెం తెలుగులో అదే. పాత పద్యాల్లో కొటేషన్ గుర్తులు లేకపోయినా ఎవరి మాట ఎక్కడ ముగిసిందో తెలిసేది ‘అని’, ‘అనుచు’ వంటి మాటల వల్లే. గుర్తులు వచ్చాయి కదా అని దాన్ని వదిలేస్తే వాక్యం తెగిపోతుంది. “...తోడుపడవోయ్” అని కోరారు అంటే చాలు.

ఆ ‘అని’ మీది, గురజాడది కాదు. కాబట్టి గుర్తుల బయటే ఉండాలి. నోటితో ‘తోడుపడవోయని’ అని కలిపేస్తాం, తప్పు లేదు. కానీ “తోడుపడవోయని” అంటూ గుర్తుల మధ్య రాస్తే మీ మాట ఆయన పాటలో చేరిపోతుంది. సంధి చేయకండి. విభక్తులకూ ఇదే పద్ధతి: “కొంత”ను అని రాయాలి.

ఇక ‘తోడుపడాలి’ సంగతి. గుర్తులు ఉంచి లోపలి మాట మార్చకూడదు. మార్చాలనుకుంటే గుర్తులు తీసేసి మీ మాటల్లో చెప్పండి: సొంత లాభం కొంత మానుకుని పొరుగువాడికి తోడుపడమని గురజాడ కోరారు. ‘తోడుపడవోయ్’ అనే విధి మన వాక్యంలోకి వచ్చేసరికి ‘తోడుపడమని’ అయింది, పిలుపు ‘ఓయ్’ పోయింది. కొందరు పిల్లలు దీన్ని ‘తోడుపడవు’ అనే వ్యతిరేకంగా అనుకుంటారు. ‘వినవోయ్’, ‘చెప్పవోయ్’ గుర్తుచేస్తే వెంటనే అర్థమవుతుంది.

మాటలు తగ్గించేటప్పుడే అసలు ప్రమాదం. వక్తలు తరచూ ‘కొంత’ను మింగేసి, సొంత లాభం మానుకోమన్నారు గురజాడ అంటారు. ఆయన అడిగింది కొంతే! ఆ ఒక్క మాట పోతే సర్దుబాటు కాస్తా సన్యాసం అవుతుంది. “సొంత లాభం కొంత మానుకు” దగ్గర తెంపి ‘అన్నారు’ తగిలించినా కుదరదు. ‘మానుకు’ అంటే ‘మానుకుని’, అది అసమాపక క్రియ. అక్కడ ఆపాలంటే “సొంత లాభం కొంత మానుకు” అనే మాటలో... అంటూ మీ వాక్యం నడపండి.

ఫుల్‌స్టాప్‌కి టెన్షన్ అక్కర్లేదు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి అది సాధారణంగా ‘కోరారు’ తర్వాతే పడుతుంది. ప్రశ్నార్థకమో ఆశ్చర్యార్థకమో మూలంలో ఉంటే మాత్రం లోపలే ఉంచండి: “ఎప్పుడొచ్చావు?” అని అడిగింది. అక్కడ ప్రశ్న ఆమెది, చుక్క మీది.