కుక్క బాగానే తిరుగుతోందని పది రోజులు ఆగొచ్చా?

"మా పాప నాలుగో తరగతి. ఆదివారం వీధి కుక్క వేలి మీద కరిచింది. చిన్న గాయమే, కొంచెం రక్తం వచ్చింది. సబ్బుతో కడిగి టీటీ వేయించాం. ఇవాళ బుధవారం, కుక్క మా బజార్‌లోనే బాగానే తిరుగుతోంది. రేబిస్ వైరస్ మెదడుకు పోవడానికి నెలలు పడుతుందంటారు కదా, పది రోజులు కుక్కను చూసి అప్పుడు టీకా వేయిస్తే సరిపోదా?"

సరిపోదు అన్నా. ఇవాళే తీసుకెళ్లండి. నేను నల్లగొండలో నర్సుని, కుక్కకాటు టీకాల గదిలో చాలా ఏళ్లు పని చేశాను. మీరు విన్న "నెలలు" మాట అబద్ధం కాదు. చాలామందికి కరిచిన తర్వాత ఒకటి నుంచి మూడు నెలల్లో జబ్బు బయటపడుతుంది. వారంలో వచ్చినవాళ్లూ ఉన్నారు, ఏడాదికి వచ్చినవాళ్లూ ఉన్నారు. అయితే ఆ నెలలన్నీ వైరస్ నడుస్తూనే ఉంటుందనుకోవడమే పొరపాటు.

కుక్క లాలాజలంతో లోపలికి వెళ్లిన వైరస్ ముందు కండలో ఉంటుంది. కొన్నిసార్లు అక్కడే కొంత పెరుగుతుంది. నరం కొస వచ్చి కండను తాకే చోటు ఒకటుంటుంది. కండను కదిలించమనే కబురు అందేది అక్కడే. వైరస్ నరంలోకి దూరేదీ అక్కడే. దూరాక తనంతట తాను ఈదదు. నరం కొస నుంచి వెన్నుపాము వైపుకు సరుకు మోసే ఏర్పాటు నరంలోనే ఉంది. డైనీన్ అనే ప్రోటీన్ ఆ మోత మోస్తుంది. వైరస్ దాని మీద ఎక్కి పోతుంది. రోజుకు సుమారు 5 నుంచి 10 సెంటీమీటర్లు పోతుందని అంచనా.

ఇప్పుడు లెక్క వేయండి. పెద్దవాళ్లకు పిక్క నుంచి మెదడు వరకు మీటరున్నర అనుకున్నా, ఆ వేగంతో నెల లోపే చేరిపోవాలి. మరి కొందరికి మూడు నెలలు ఎందుకు పడుతుంది? ఎక్కువ సమయం గాయం దగ్గరే, కండలోనే గడిచిపోతుంది కాబట్టి. అక్కడ ఎన్నాళ్లు ఆగుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. కొండమల్లేపల్లి స్టేజీ దగ్గర నిలబడ్డవాడు వచ్చిన మొదటి బస్సే ఎక్కుతాడో, సాయంత్రం దాకా టీ తాగుతూ కూర్చుంటాడో మనకేం తెలుసు? పట్టుకోవాలంటే స్టేజీలోనే పట్టుకోవాలి. బస్సెక్కాక మన యాంటీబాడీలకు దొరకడు.

నరం లోపల ఉన్నంతసేపు ఒంట్లో రక్షణ వ్యవస్థకు వాడి జాడే తెలియదు. జ్వరం రాదు, వాపు రాదు. గాయం చక్కగా మానిపోతుంది. తర్వాత ఎప్పుడో మానిన మచ్చ దగ్గర తిమ్మిరి, దురద మొదలవుతాయి. అప్పటికి ఆలస్యమైపోయినట్టే. మడమ దగ్గర కరిస్తే పసరు కట్టు కట్టించుకుని ఊరుకున్న ఒక రైతును రెండు నెలల తర్వాత తీసుకొచ్చారు. గ్లాసు నోటి దగ్గరకు రాకముందే ఆయన గొంతు కండరాలు బిగుసుకుపోయి మెడ వెనక్కి విరిగింది. ఆ దశలో మేం చేయగలిగింది నొప్పి తగ్గించడమే.

టీకాకూ టైం పడుతుంది. ఇవాళ వేస్తే, పనికొచ్చేటన్ని యాంటీబాడీలు తయారవడానికి 7 నుంచి 14 రోజులు కావాలి. పిక్క మీద కాటైతే ఆ వ్యవధి సాధారణంగా దొరుకుతుంది. ముఖం మీదైతే?

ఇది మా ఇంట్లోనే జరిగింది. దేవరకొండ అవతల ఊళ్లో మా తమ్ముడి కొడుకును, ఆరేళ్లవాణ్ణి, కుక్క చెంప మీద కరిచింది. రెండు పళ్లు దిగాయి, కనుబొమ్మ మీద ఒక గీరు. మా అమ్మ పసుపు, కారం అద్దేసింది. దగ్గర్లో ఒక క్లినిక్‌లో టీటీ వేసి, "కుక్క సూది సోమవారం వేయించుకోండి" అని పంపారు. ఆ రోజు శనివారం. టీటీ ధనుర్వాతానికే, రేబిస్‌కు దానితో సంబంధం లేదు.

తమ్ముడు ఫోన్ చేస్తే ముందు పసుపంతా తీసేసి నల్లా కింద సబ్బుతో 15 నిమిషాలు కడగమన్నాను. "ఇప్పటికే ఏడుస్తున్నాడక్కా" అన్నాడు. ఏడవనీ, గడియారం పెట్టుకుని కడుగు అన్నాను. ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకు అది విచ్చిపోతుంది. స్టేజీలో ఉన్నవాళ్లలో సగం మందిని అక్కడే తగ్గించుకోవడం అనుకోండి.

రాత్రి పదింటికి నల్లగొండ చేరారు. చెంప నుంచి మెదడు కింది భాగానికి దూరం జానెడు కూడా ఉండదు. టీకా పని మొదలయ్యే వారం రోజులు వాడికి కాపలా కావాలి. అందుకే ఇమ్యునోగ్లోబ్యులిన్. అంటే తయారుగా ఉన్న యాంటీబాడీలు, టీకా కాదు. గుర్రపు సీరంతో చేసిందైతే కిలోకు 40 యూనిట్లు. వాడు 18 కిలోలు, కాబట్టి 720 యూనిట్లు. మా దగ్గరున్న వయల్‌లో మిల్లీలీటరుకు 300 యూనిట్లు, అంటే 2.4 మిల్లీలీటర్లు. దాన్ని తుంటికో భుజానికో వేసి పంపితే పెద్దగా లాభం లేదు, గాయం లోపలా చుట్టూ వెళ్లాలి. డాక్టర్ సన్న సూదితో ప్రతి పంటి గాటు అంచులోనూ, కనుబొమ్మ గీరులోనూ కొంచెం కొంచెంగా ఎక్కించారు. నేను తల పట్టుకున్నాను. చెంప బూరెలా ఉబ్బింది. మా తమ్ముడు బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. టీకా మాత్రం వేరే సూదితో, రెండు భుజాలకూ. తర్వాత ఎలర్జీ రాకుండా చూడటానికి గంట సేపు కూర్చోబెట్టాం.

ఐదో రోజున ఆ కుక్క చెరువు కట్ట కింద చచ్చి పడి ఉందని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. రేబిసేనో, ఎవరైనా కొట్టారో తెలియదు. తల పరీక్షకు ఎవరూ పంపలేదు. పిల్లవాడు ఇప్పుడు ఇంటర్.

మీ పాపది వేలు. వేళ్ల కొసల్లో నరాలు ఒత్తుగా ఉంటాయి, పైగా రక్తం వచ్చింది. కాబట్టి మేం దీన్ని మూడో రకం కాటుగానే చూస్తాం. టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడగండి. వేలిలో చోటు తక్కువ, పట్టినంతే వేస్తారు. ఎక్కువ నొక్కితే వేలికి రక్తం అందదు. మూడు రోజులు గడిచాయని మానేయనక్కర్లేదు. మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ వేయొచ్చు, తర్వాత వేస్తే టీకా పనికి అడ్డం పడుతుంది.

పది రోజుల గమనింపు మాట నిజమే, అయితే అది టీకా మొదలుపెట్టాక. కరిచిన నాడు లాలాజలంలో వైరస్ ఉన్న కుక్క పది రోజుల్లో జబ్బుపడి చస్తుంది. పదో రోజుకూ అదే కుక్క హుషారుగా ఉంటే, మిగతా డోసులు ఆపాలా అన్నది అప్పుడు డాక్టర్ చూసి చెబుతారు. ఆ కరిచిందీ మీ బజార్లో తిరిగేదీ ఒకటే కుక్క అని పాప గట్టిగా చెప్పగలదా, అది కూడా అడగండి.

టీకా డోసుల లెక్క కరిచిన ఆదివారం నుంచి కాదు, మొదటి సూది పడ్డ రోజు నుంచి. చర్మంలో వేసే పద్ధతి అయితే ఇవాళ, శనివారం, వచ్చే బుధవారం, ఆ తర్వాత 28వ రోజు. కండకు వేసేదైతే మధ్యలో 14వ రోజు కూడా ఉంటుంది. చాలామంది చివరి డోసుకు రారు, కార్డు మీద ఆ తేదీ ఇవాళే రాయించుకోండి. బొడ్డు చుట్టూ 14 సూదుల భయం మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఉంటే, అవి ఎప్పుడో ఆగిపోయాయని చెప్పండి.