శ్లాబులో కడ్డీల దూరం తప్పితే ఎన్‌సీఆర్ ఎలా రాయాలి?

ప్రశ్న: బీటెక్ సివిల్ పూర్తిచేశాను. హైదరాబాద్‌లో క్వాలిటీ ఇంజినీరు ఇంటర్వ్యూలో, శ్లాబు కడ్డీల మధ్య దూరం తప్పుగా ఉంటే ఎన్‌సీఆర్, అంటే పని నిర్దేశించినట్టు లేదని నమోదు చేసే రిపోర్టు, రాయమన్నారు. మూల కారణం ‘పనివాళ్ల నిర్లక్ష్యం’ అనీ, దిద్దుబాటు చర్య ‘మళ్లీ జరగకుండా చూస్తాం’ అనీ రాశాను. అది చాలదన్నారు. ఏం రాయాలి సార్?

జవాబు: నార్సింగిలో ఒక అపార్టుమెంటు నాలుగో అంతస్తు శ్లాబు అనుకుందాం. డ్రాయింగు ప్రకారం 10 మి.మీ. కడ్డీలు 150 మి.మీ.కు ఒకటి ఉండాలి. ఒక్క సందు కొలిచి తీర్పు చెప్పకండి. వరుసగా పది సందులకు టేపు పట్టండి. 1500 రావలసిన చోట 1800 వచ్చిందంటే సగటున 180 అన్నమాట. రిపోర్టులో ముందు ఇదే రాయాలి: ఏ గ్రిడ్ల మధ్య, ఏ డ్రాయింగు, ఎంత ఉండాలి, ఎంత ఉంది. టేపు కనిపించే ఫోటో జతచేయండి.

‘కోడ్ 300 దాకా ఒప్పుకుంటుంది కదా’ అని సైటులో ఎవరో ఒకరు అంటారు. కాంక్రీటు పనుల భారతీయ కోడ్ ఐఎస్ 456లో ఉన్న 300 మి.మీ. గరిష్ఠ పరిమితి మాత్రమే. శ్లాబుకు కావలసిన బలాన్ని చెప్పేది డిజైను. 150 దూరంలో మీటరు వెడల్పుకు సుమారు 523 చ.మి.మీ. స్టీలు ఉంటే, 180 దూరంలో 436 మాత్రమే ఉంటుంది. అంటే ఆరో వంతు తగ్గింది.

ఇక మూల కారణం. ‘నిర్లక్ష్యం’ అని రాస్తే దిద్దడానికి ఏమీ దొరకదు, అందుకే మీ జవాబు వారికి నచ్చలేదు. బార్ బెండర్లు 180కి ఎందుకు కట్టారు? వారి చేతిలో ఉన్న పాత డ్రాయింగులో 180 అనే ఉంది. సవరించిన డ్రాయింగు వచ్చాక పాతది ఎందుకు మిగిలింది? కాపీలు ఎవరికి ఇచ్చారో, ఎవరి నుంచి వెనక్కి తీసుకున్నారో రాసే రిజిస్టరు లేదు. తనిఖీలో ఎందుకు దొరకలేదు? చెక్‌లిస్టులో టిక్కు పెట్టే గడి ఉంది, కొలత రాసే గడి లేదు. మీరు రాయవలసిన మూల కారణాలు ఈ చివరి రెండే.

కడ్డీలు విప్పి 150కి మళ్లీ కట్టించడం ఆ శ్లాబుకు చేసే సవరణ. దిద్దుబాటు చర్య వేరు: పాత కాపీలన్నీ వెనక్కి తీసుకుని రద్దు ముద్ర వేయడం, రిజిస్టరు పెట్టడం, చెక్‌లిస్టులో కొలత గడి చేర్చడం. ప్రతిదానికీ బాధ్యుడి పేరు, గడువు తేదీ ఉండాలి. సవరణ పూర్తయిందని ఎన్‌సీఆర్ మూసేయకండి. తర్వాతి శ్లాబులో కొత్త చెక్‌లిస్టు కొలతలు చూశాకే మూయండి.

పాత డ్రాయింగుతో మరే శ్లాబైనా కట్టారా అన్నది కూడా వెతికి రాయాలి. చాలామంది వదిలేసేది ఇదే. అప్పటికే కాంక్రీటు పోసిన శ్లాబు ఉంటే కాంక్రీటు పగలగొట్టకుండానే లోపలి కడ్డీలను గుర్తించే కవర్ మీటరుతో కడ్డీల దూరం కొలిపించి, ఆ లెక్కలు స్ట్రక్చరల్ డిజైనరుకు పంపాలి. దాన్ని అలాగే ఉంచాలా, బలపరచాలా అన్నది ఆయన రాతపూర్వకంగా తేల్చాలి, సైటు ఇంజినీరు కాదు.