ఒక టీవీ, ఒక మౌస్, ఇంటినిండ జనం: మా ఇంట్ల ఆడే బాంబు ఆట

ప్రశ్న: "దసరాకు హన్మకొండల మా ఇంటికి పదిహేను మంది దాక వస్తరు. ఏడేండ్ల పాప నుంచి డెబ్బై దాటిన నాయినమ్మ దాక అందరుంటరు. హాల్ల ఒక్క టీవీ, నా లాప్‌టాప్, రెండు కంట్రోలర్లు, అంతే. ఎప్పుడు పెట్టినా ఇద్దరు ఆడుతరు, మిగిలినోళ్లు ఫోన్లు చూసుకుంట కూసుంటరు. అందరూ కలిసి ఆడే గేమ్ ఏదన్న ఉంటే చెప్పండి."

జవాబు:

కంట్రోలర్లు ఇంకో రెండు కొన్నా మీ సమస్య తీరది. నలుగురు ఆడుతరు, పదకొండు మంది చూస్తరు. చేతులకు కాకుండ నోళ్లకు పని పెట్టే గేమ్ కావాలె. మా ఇంట్ల పండుగలకు మేం ఆడేది Keep Talking and Nobody Explodes. స్టీల్ క్రేట్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2015ల తెచ్చింది. లాప్‌టాప్ మీద నడుస్తది, కన్సోళ్ల మీదా ఉంది, ఫోన్ల కూడ వచ్చింది. ఒక్కసారి దించుకుంటే ఆడేటప్పుడు నెట్ అక్కర లేదు.

ఆట ఇదీ: స్క్రీన్ మీద టైమర్ నడిచే ఒక బాంబు ఉంటది. అది ఒక దిక్కోళ్లకే కనిపిస్తది, మౌస్ వాళ్లల్ల ఒకరి చేతుల్ల ఉంటది. దాన్ని ఎట్ల ఆపాలెనో రాసున్న మాన్యువల్ మిగిలినోళ్ల దగ్గర కాగితం మీద ఉంటది, వాళ్లకు బాంబు కనబడది. మౌస్ దిక్కోళ్లు చూసింది చెప్పాలె, కాగితమున్నోళ్లు చదివి ఏం చెయ్యాలెనో చెప్పాలె. ఇంత మందికీ ఒక్క మౌస్ చాలు, కంట్రోలర్‌తోనైనా ఆడొచ్చు. మాన్యువల్ ఉచితమే, www.bombmanual.com ల దొరుకుతది. మొత్తం 23 పేజీలు, అట్ట మీద సరిచూసుకునే నంబరు 241 అని ఉంటది. అన్ని పేజీలూ ప్రింట్ తీయకండి. మొదటి బాంబు పేరు The First Bomb. దాంట్ల మూడే భాగాలుంటయి: తీగలు, పెద్ద బటన్, గుర్తుల కీప్యాడ్. ఆ మూడు పేజీలు, బ్యాటరీలు, ఇండికేటర్లు అంటే అక్షరాల పక్కనుండే చిన్న లైట్లు ఎట్లుంటయో చూపే వెనుక పేజీలు, ఇవి చౌరస్తాల జిరాక్స్ షాపుల తీయించుకుంటే సరిపోతది. కలర్ అవసరం లేదు.

ఇగ అసలు పని. మాన్యువల్ ఇంగ్లిష్‌ల ఉంటది. అట్లనే ఇస్తే చదువుకునే పిల్లలే ఆడుతరు, పెద్దోళ్లు మళ్ల వంటింట్లకే పోతరు. అందుకని పండుగ ముందు రోజు తీగల పేజీని తెలుగుల పెద్ద అక్షరాలతో చేత్తో రాసి పెట్టుకోండి. అరగంట పని. మా నాయినమ్మకు తెలుగు చదువుడు మంచిగ వస్తది, కాబట్టి తీగల కాగితం ఎప్పుడూ ఆమె చేతుల్లనే ఉంటది. నాలుగు తీగలున్నప్పటి నియమాలు నేను ఇట్ల రాసిన:

ఎర్ర తీగలు ఒకటికన్న ఎక్కువుండి, సీరియల్ నంబర్ చివరి అంకె బేసి అయితే, ఎర్రవాటిలో కిందున్నది కొయ్యి. అది కాకుంటే, అన్నిటికన్న కింది తీగ పసుపుదై, ఎర్రది ఒక్కటీ లేకుంటే, మొదటిది కొయ్యి. అదీ కాకుంటే, నీలిది సరిగ్గా ఒక్కటే ఉంటే, మొదటిది కొయ్యి. అదీ కాకుంటే, పసుపువి ఒకటికన్న ఎక్కువుంటే, అన్నిటికన్న కిందిది కొయ్యి. ఏదీ కుదరకుంటే రెండోది కొయ్యి.

ఒకటి ఆడి చూపిస్త. పాప పైనుంచి కిందికి చెప్తది: "ఎరుపు, నీలం, ఎరుపు, పసుపు." నాయినమ్మ కాగితం చూసి "చివరి అంకె ఏంది?" అంటది. సీరియల్ నంబర్ బాంబు అంచుల మీద ఎక్కడో ఉంటది. మౌస్ కుడి బటన్ నొక్కి పట్టుకొని జరిపితే బాంబు తిరుగుతది, అట్ల తిప్పి చూడాలె. చివరి అంకె 7 అనుకోండి. ఎర్రవి రెండున్నయి, అంకె బేసి, మొదటి నియమమే పట్టింది. ఎర్రవాటిలో కిందున్నది అంటే పైనుంచి మూడోది కొయ్యాలె. అదే అంకె 4 అయితే మొదటి నియమం పోయింది. రెండోది చూస్తే కింది తీగ పసుపుదే గని ఎర్రవి ఉన్నయి, అదీ పోయింది. మూడో నియమం, నీలిది ఒక్కటే, పట్టింది: మొదటి తీగ కొయ్యాలె. తీగలు అవే, అంకె మారేసరికి జవాబు మారింది. అందుకే "అదే తీగ కదా, మొన్న మూడోదే కోసినం" అనేటోళ్ల మాట వినొద్దు, బాంబు ప్రతిసారీ కొత్తగ తయారైతది.

ఎక్కువ మంది తప్పేది ఇక్కడ రెండు చోట్ల. ఒకటి, ఒక నియమం కుదిరినంక కూడ కిందికి చదువుకుంట పోతరు. కుదిరిన కాడ ఆగాలె. ఇంకొకటి, ఎర్రవాటిలో చివరిదీ, మొత్తంల చివరిదీ ఒక్కటే అనుకుంటరు. అందుకే పైన నేను "కిందున్నది" అని విడమరిచి రాసిన. మా పెద్దబాపు కరెంటు పనిల లైన్‌మన్‌గ చేసి రిటైర్ అయిండు. ఆయనకు మాన్యువలే నచ్చది. "నల్లది న్యూట్రల్‌రా, అది కోస్తే ఏం గాదు" అంటడు. ఆయనను కాగితం దిక్కు కూసోబెట్టకండి, చూసే దిక్కు కూసోబెట్టండి. మీ ఇంట్ల కూడ అసుంటి ఒకాయన ఉండే ఉంటడు.

కీప్యాడ్ భాగం చదువు రానోళ్లకు కూడ పనికొస్తది, ఎందుకంటే అక్కడ అక్షరాలు ముఖ్యం కాదు, బొమ్మలే. బాంబు మీద నాలుగు వింత గుర్తులుంటయి. కాగితం మీద ఏడేసి గుర్తులతోని ఆరు నిలువు వరుసలుంటయి. ఆ నాలుగూ కలిసి ఉన్న వరుస ఒక్కటే ఉంటది. దాన్ని పట్టుకొని, ఆ వరుసల పైనుంచి కిందికి ఏ క్రమంల ఉన్నయో ఆ క్రమంల నొక్కాలె. గుర్తులకు పేర్లు ఉండవు కాబట్టి మనమే పెట్టుకోవాలె, అసలు నవ్వులు ఇక్కడనే. మా ఇంట్ల ఒకటి త్రిశూలం, ఒకటి గుర్రపు లాడం, ఒకటి నవ్వే మొఖం. త్రిశూలం రెండు వరుసలల్ల ఉంటది. దాంతో పాటు లాడం కనిపిస్తే ఆరో వరుస, నింపిన చుక్క, అంటే నక్షత్రం, కనిపిస్తే ఐదో వరుస. జాగ్రత్త పడాల్సింది ఈ చుక్కతోనే. ఖాళీ చుక్క వేరే గుర్తు, నిండు చుక్క వేరే గుర్తు. నడుమ బొట్టున్న అర్ధచంద్రం కూడ అంతే, ఒకటి ఎడమకు తిరిగి ఉంటది, ఇంకొకటి కుడికి. పిల్లలు "చుక్క" అని ఊకుంటరు, కాగితం పట్టుకున్నోళ్లు "ఖాళీదా, నిండుదా" అని అడుగుడు అలవాటు చేసుకోవాలె.

పెద్ద బటన్ కాగితం మాత్రం ఇంగ్లిష్ వచ్చినోళ్లకే ఇవ్వండి. బటన్ మీద Abort, Detonate, Hold, Press అనే నాలుగింట్ల ఒకటి రాసి ఉంటది. రంగు, బ్యాటరీలు, వెలిగే ఇండికేటర్లు కూడ చూడాలె. నొక్కి వెంటనే వదలాల్నా, పట్టుకొని ఉండాల్నా అన్నది నియమాల్ని బట్టి తేలుతది. పట్టుకొని ఉండమంటే పక్కన ఒక రంగు పట్టీ వెలుగుతది. నీలం వెలిగితే టైమర్‌ల ఎక్కడన్న 4 ఉన్నప్పుడు వదలాలె, పసుపైతే 5, తెలుపైనా ఇంకే రంగైనా 1. "ఎక్కడన్న" అన్నది గుర్తుంచుకోండి. టైమర్ నాలుగు నిమిషాల కాడ నడుస్తుంటే 4 ఎట్లా కనిపిస్తనే ఉంటది, నీలం వెలిగిన మరుక్షణం వదలొచ్చు. మా చిన్నమ్మ కొడుకు ఇది తెల్వక సెకన్లల్ల 4 వచ్చేదాక ఎదురుచూసేటోడు.

కూసునే తీరు మొదలే ఏర్పాటు చేసుకోండి, లేకుంటే ఆట పాడైతది. లాప్‌టాప్‌ను టీవీకి కలపండి. మౌస్ పట్టుకున్నోళ్లూ, చూసేటోళ్లూ సోఫాల, టీవీ దిక్కు మొఖం పెట్టి. కాగితాలున్నోళ్లు కింద చాప మీద, టీవీకి వీపు పెట్టి. సోఫా మీదోళ్లకు కాగితం కనబడొద్దు, చాప మీదోళ్లకు టీవీ కనబడొద్దు. ఇట్లయితే పదిహేను మందీ ఏదో ఒక దిక్కు ఆటలనే ఉంటరు. చెవులు జర మందమున్న పెద్దోళ్లను చాప మీద కాకుండ మౌస్ పక్కన కూసోబెట్టండి. అందరూ ఒక్కసారి మొత్తుకుంటే ఎవ్వరికీ ఏమీ వినబడది, కాబట్టి సోఫా దిక్కు నుంచి మాట్లాడేది ఒక్కరే అని పెట్టుకోండి. మిగిలినోళ్లు ఆ ఒక్కరి చెవిల చెప్పాలె. ఆట మొదలు కాంగనే రెండు ముక్కలు ముందే చెప్పేయమనండి: చివరి అంకె సరా బేసా, బ్యాటరీలెన్ని. ఆ రెండూ నడుమల వెతుకుడు వల్లనే టైం పోతది.

The First Bomb కు 5 నిమిషాలు. మూడో తప్పుకు పేలుతది, అయితే ఒక్కో తప్పుకు టైమర్ ఇంకింత జోరుగ నడుస్తది, అది చాలామంది గమనించరు. రౌండ్ చిన్నది కాబట్టి పేలినా బాధ లేదు, మౌస్ చేయి మార్చి మళ్ల మొదలుపెట్టొచ్చు. పెద్ద రౌండ్లలో ఏడేండ్ల పిల్లలు మధ్యలోనే లేసిపోతరు. చేయి తిరిగినంక Free Play ల టైమూ, భాగాల సంఖ్యా మీరే పెట్టుకోవచ్చు. తర్వాతి బాంబులల్ల ఒకేలాగ పలికే ఇంగ్లిష్ మాటల భాగమొకటి వస్తది, ఇంగ్లిష్ మాట కనిపెట్టే పాస్‌వర్డ్ భాగమొకటి వస్తది. అవి వచ్చినప్పుడు పెద్దోళ్లు ఆటల నుంచి జారిపోతరు. అందుకే మేం పండుగకు మొదటి బాంబు దాటి పోము, అదే మళ్ల మళ్ల ఆడుతం.

ఫోన్లే కంట్రోలర్లుగ వాడే జాక్‌బాక్స్ ఆటలు చాలామంది చెప్తరు. స్నేహితులకైతే మంచివే గని, ప్రశ్నలు చాలామట్టుకు ఇంగ్లిష్ మాటల మీద, అమెరికా జోకుల మీద ఉంటయి. మీ నాయినమ్మకు అవి ఎక్కయి.

మీ రెండు కంట్రోలర్లు ఊకనే పడి ఉండుడెందుకు అనుకుంటే, రాత్రి పెద్దోళ్లు పడుకున్నంక ఓవర్‌కుక్డ్ అనే వంట గేమ్ పెట్టండి. ఒక్క కంట్రోలర్‌ను ఇద్దరు చెరో సగం పట్టుకొని ఆడే పద్ధతి దాంట్ల ఉంది. ఎడమ దిక్కోళ్లకు ఎడమ స్టిక్కు, ఆ వైపు పై బటన్లు, కుడి దిక్కోళ్లకు కుడివి. అంటే రెండింటితో నలుగురు వంట చేస్తరు. చిన్నోళ్లకు ఒక సగం ఇచ్చి పక్కన పెద్ద పిల్లల్ని కూసోబెడితే నడుస్తది. బొమ్మలు చిన్నగ ఉంటయి కాబట్టి కంటిచూపు తగ్గినోళ్లకు ఇది పెట్టకండి.